షార్ట్ సెల్లింగ్: ధర పడితే లాభమేనా? అపోహలు – వాస్తవాలు

పర్లాకిమిడిలో మా షేర్ బ్రోకింగ్ కార్యాలయానికి జీడిపిక్కల వ్యాపారులు తరచుగా వస్తుంటారు. చేతిలో లేని సరుకుకు ముందే ధర మాట్లాడుకుని, తర్వాత చవకగా కొని అప్పగించడం వారికి తెలిసిన పనే. అందుకే చేతిలో లేని షేరును ముందే అమ్మి తర్వాత కొనే షార్ట్ సెల్లింగ్ గురించి చెప్పగానే తలూపుతారు. కానీ జీడిపిక్కల బస్తా డివిడెండ్ ఇవ్వదు. లెక్క తప్పేది అక్కడే.

అపోహ: అమ్మిన ధర కంటే తక్కువకు కొంటే, ఆ తేడా అంతా లాభమే.

వాస్తవం: మన దగ్గర లేని షేరును క్యాష్ మార్కెట్లో అమ్మితే ఆ రోజే తిరిగి కొనేయాలి. రోజుల తరబడి ఆగాలంటే ఎక్స్ఛేంజీలో షేర్ల అరువుకు ఉన్న ఎస్‌ఎల్‌బీ విభాగంలో షేర్లను అరువు తీసుకోవాలి. చాలా షేర్లకు అక్కడ అరువిచ్చేవారే దొరకరు. దొరికినా రుసుము కట్టాలి.

ఒక జీడిపిక్కల వ్యాపారికి నేను కాగితం మీద వేసి చూపిన లెక్క ఇది. 200 షేర్లు అరువు తెచ్చి 500 రూపాయల చొప్పున అమ్మారనుకుందాం. వచ్చింది లక్ష. నెల తర్వాత 488కి కొన్నారు. తేడా 2,400. అరువు రుసుము షేరుకు 4 రూపాయలైతే 800 పోయింది. ఈలోగా కంపెనీ షేరుకు 6 రూపాయల డివిడెండ్ ఇచ్చింది. ఆ సొమ్ము షేర్లు అరువిచ్చిన వారికి చెందాలి కాబట్టి 1,200 మన ఖాతా నుంచే వసూలు చేస్తారు. మిగిలింది 400. బ్రోకరేజీ, పన్నులు ఇంకా తీయలేదు.

"ధర 12 రూపాయలు పడింది కదండీ!" అన్నారాయన. డివిడెండ్ తీసివేసి ట్రేడయ్యే రోజున షేరు ధర సాధారణంగా ఆ మేరకు తగ్గుతుంది. ఆ పన్నెండులో దాదాపు ఆరు అలా తగ్గినవే. అది లాభంలా కనిపిస్తుంది కానీ మరో చేత్తో కట్టేయాలి. 490 కంటే కిందికి వస్తే తప్ప ఈ బేరంలో పైసా మిగలదు. అందుకే షార్ట్ చేసే ముందు, డివిడెండ్ ఎవరికి చెందాలో తేల్చే రికార్డు తేదీ చూడమని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

అపోహ: పోతే హామీగా పెట్టిన మార్జిన్ వరకే పోతుంది.

వాస్తవం: షేర్ల విలువలో 140 శాతం మార్జిన్ అడిగారనుకుందాం. అమ్మిన లక్షకు తోడు మనం 40,000 పెట్టాలి. ధర 550కి పెరిగితే షేర్ల విలువ 1,10,000, కావలసిన మార్జిన్ 1,54,000. పది శాతం పెరుగుదలకే 10,000 నష్టం, పైగా 14,000 వెంటనే సర్దాలి. కొన్న షేరు సున్నా కంటే కిందికి పోదు. అమ్మిన షేరు ఎంతవరకు పెరుగుతుందో హద్దు లేదు. డబ్బు సర్దలేకపోతే ఆ రోజు ధరకే బ్రోకర్ కొని ఆ బేరం ముగిస్తారు. మరుసటి రోజు ధర పడినా, దాంతో మనకు సంబంధం ఉండదు.