క్లైంబింగ్ షూ కొనేముందు చూసుకోవాల్సినవి

పిల్లలూ,

ఇండోర్ జిమ్‌లో గోడలెక్కడం మొదలుపెట్టారని, అద్దె షూ వద్దు సొంతవి కావాలని ఇంట్లో అడుగుతున్నారని తెలిసింది. కొనుక్కోండి, కానీ అక్కడ ఎవరో ఒకరు "రెండు సైజులు తగ్గించి కొను, వేళ్లు నొప్పి పెడితేనే గ్రిప్ వస్తుంది" అంటారు చూడండి, ఆ మాట మాత్రం పట్టించుకోవద్దు. మీ పాదాల ఎముకలు ఇంకా పెరుగుతూ ఉన్నాయి, వేళ్లు ముడుచుకుపోయేంత ఇరుకు షూ వాటికి మంచిది కాదు. పైగా మీరు ఇప్పుడు ఎక్కే గోడల మీద హోల్డ్స్ పెద్దవే, వాటికోసం అంత బాధ పడాల్సిన పనే లేదు.

అలాగని స్కూలు బూట్లలాగా వదులుగా కూడా ఉండకూడదు. మామూలు బూటులో వేళ్ల ముందు ఒక సెంటీమీటరు దాకా ఖాళీ వదులుతారు, నడిచేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది కాబట్టి. గోడ మీద మీరు నిలబడేది బొటనవేలి దగ్గరి అంచు మీద. అక్కడ ఖాళీ ఉంటే బరువు పడగానే షూ ముక్కు కిందికి మడతపడుతుంది, కాలు జారుతుంది.

మొన్న మా మేనకోడలికి కొన్న సంగతి చెప్తాను. దానికి పద్నాలుగేళ్లు. కాగితం మీద నిలబెట్టి, మడమ గోడకు ఆనించి కొలిస్తే పాదం 23.5 సెంటీమీటర్లు వచ్చింది, రోజూ వేసుకునే బూట్లు యూరప్ కొలతలో 38. ముందు 38 వేసింది, హాయిగా ఉంది అంది. షాపులో ఉన్న చెక్క అంచు మీద బొటనవేలితో నిలబడమన్నాను, లోపల పాదం వెనక్కి జరిగి మడమ పైకి లేచింది. తర్వాత 36. అందులో వేళ్ల కణుపులు పైనుంచి బుడిపెల్లా కనిపించాయి, కాసేపటికే గోరు నొక్కుకుంటోంది అని తీసేసింది. 37లో వేళ్లన్నీ ముందు భాగాన్ని తాకుతున్నాయి కానీ ముడుచుకోలేదు, రెండో వేలు ఒక్కటే కాస్త వంగింది. ఐదు నిమిషాలు ఉంచుకున్నా తిమ్మిరి రాలేదు. అదే తీసుకున్నాం. ఈ కొలతలో ఒక్కో నంబరుకు తేడా ఆరున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, అందుకే అర నంబరు మారినా పాదానికి తెలిసిపోతుంది. కంపెనీని బట్టి కూడా మారుతుంది కాబట్టి మీ స్నేహితుడి నంబరు చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టకండి.

వేళ్లు సరిపోయాక మడమ చూడండి. చాలామంది ఇక్కడ తొందరపడతారు. వెనక భాగాన్ని వేలితో నొక్కితే లోపల గాలి బుడగలా లోతుకు పోతోందంటే అక్కడ ఖాళీ ఉందన్నమాట. సైజు తగ్గిస్తే ఆ ఖాళీ పోదు, వేళ్లు మాత్రం నలుగుతాయి. ఆ మోడలే మీ పాదానికి పనికిరాదు, ఇంకోటి వేసి చూడండి. ప్రయత్నించడానికి సాయంత్రం వెళ్లండి, పొద్దుటికంటే అప్పుడు పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. గోళ్లు కత్తిరించుకుని, సాక్స్ లేకుండా వేసుకోండి. రెండు పాదాలూ ఒకేలా ఉండవు, పెద్ద పాదానికి సరిపోయేదే కొనాలి. లోపల లైనింగ్ లేని తోలు షూ వాడగా వాడగా బాగానే సాగుతుంది, దాన్ని కొంచెం బిగుతుగా తీసుకోవచ్చు. సింథటిక్‌ది పెద్దగా సాగదు, షాపులో ఎలా ఉందో దాదాపు అలాగే ఉంటుంది.

ఇక సోల్. కొత్తవాళ్లకు సమంగా ఉండే, కాస్త గట్టి సోల్ షూ మంచిదంటారు, నిజమే. పాదం కండరాలకు ఇంకా బలం రాలేదు కాబట్టి చిన్న అంచు మీద నిలబడినప్పుడు ఆ గట్టి అడుగే బరువు మోస్తుంది. రబ్బరు మందంగా ఉంటే, నాలుగైదు మిల్లీమీటర్లు, త్వరగా అరగదు, మొదట్లో మనం గోడకు కాలు తెగ రాస్తాం కదా. అయితే మీలో బక్కగా, తేలికగా ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. అరవై కిలోల మనిషి కింద చక్కగా వంగే సోల్ ముప్పై కిలోల పిల్ల కింద చెక్కలా బిగుసుకుపోతుంది, కాలికింద హోల్డ్ ఎక్కడుందో తెలియదు, హోల్డ్ లేని చోట గోడకు అరికాలు ఆనించి నిలబడాలన్నా పట్టు దొరకదు. చేత్తో షూ ముందు భాగాన్ని వంచి చూడండి, మీ బలానికి కొంచెమైనా వంగాలి. పిల్లల కోసం చేసిన మోడళ్లలో ఈ సోల్ మెత్తగానే ఇస్తారు.

"వచ్చే ఏడాదికి కూడా సరిపోతుంది" అని అమ్మావాళ్లు పెద్ద సైజు చూపిస్తే, 38లో మా మేనకోడలి మడమ ఎలా లేచిందో చెప్పండి. పాదాలు గబగబా పెరిగే వయసులో ఉంటే ఇంకొన్నాళ్లు అద్దె షూతోనే ఎక్కండి, వెళ్లినప్పుడల్లా సరిపోయే నంబరు అడిగి తీసుకోవచ్చు. సొంతవి కొన్నవాళ్లు రెండు మూడు నెలలకోసారి వేళ్లు ముడుచుకుంటున్నాయేమో చూసుకోండి, ఒక్కో ఎక్కుడుకీ మధ్య షూ విప్పేసి కాళ్లకు గాలి తగలనివ్వండి. విప్పాక వేళ్ల మీద ఎర్రటి గుర్తు చాలాసేపు పోకుండా ఉందంటే ఆ షూ మీకు చిన్నదైపోయినట్టే, మీ తమ్ముడికో చెల్లికో ఇచ్చేయండి.

మీ మామయ్య