కిడ్నీలో రాళ్లు, తగ్గిపోయే పొటాషియం, ఆర్‌టీఏ: అపోహలు - వాస్తవాలు

రీనల్ ట్యూబ్యులర్ ఆసిడోసిస్, క్లుప్తంగా ఆర్‌టీఏ. రక్తాన్ని వడకట్టే పని సవ్యంగానే సాగుతున్నా, వడకట్టిన తర్వాత ఆమ్లాన్ని బయటికి పంపే గొట్టాలు సరిగ్గా పనిచేయకపోవడం ఈ జబ్బు. ఇందులో ఎక్కువగా రాళ్లు పుట్టించేది టైప్ 1, అంటే డిస్టల్ రకం. ఈ పోస్టు ముఖ్యంగా దాని గురించే.

ముందు లెక్కల కోసం ఒక కేసు అనుకుందాం. బెంగళూరులో కాపురముంటున్న 34 ఏళ్ల మహిళ, బరువు 55 కిలోలు. రెండు కిడ్నీల్లోనూ రాళ్లున్నాయి, ఇప్పటికి రెండుసార్లు తీయించుకున్నారు. ఒకరోజు పొద్దున లేచేసరికి కాళ్లు కదలలేదు. రక్తంలో సోడియం 140, పొటాషియం 2.1, క్లోరైడ్ 116, ఆమ్లానికి విరుగుడుగా పనిచేసే బైకార్బనేట్ 13. క్రియాటినిన్ 0.9. ఈ అంకెలు గుర్తుంచుకోండి.

అపోహ: బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు తాగడం వల్లే ఈ రాళ్లు. కావేరి నీళ్లకో ఆర్‌ఓకో మారితే చాలు.

బెంగళూరులో రాళ్లున్న మనవాళ్లలో ఎవరిని అడిగినా ముందు చెప్పే కారణం ఇదే. తక్కువ నీళ్లు తాగితే రాళ్లు పెరుగుతాయన్నది నిజమే. కానీ రెండు కిడ్నీల్లోనూ, లోపలి పొర అంతటా సున్నం చుక్కల్లా పేరుకోవడం నీటి కాఠిన్యం వల్ల జరగదు. స్కాన్ రిపోర్టులో "మెడుల్లరీ నెఫ్రోకాల్సినోసిస్" అనే మాట కనిపిస్తే కారణాన్ని కుళాయిలో కాదు, రక్తంలో వెతకాలి. తీసిన రాయిని పారేయకుండా విశ్లేషణకు పంపించండి. అందులో ఆక్సలేట్ కంటే కాల్షియం ఫాస్ఫేటే ఎక్కువగా ఉంటే ఆర్‌టీఏ కోసం చూడాల్సిందే.

అపోహ: మూత్రం క్షారంగా ఉంటే రాళ్లు రావు.

యూరిక్ ఆసిడ్ రాళ్ల విషయంలో ఇది నిజం. అక్కడి మాటను అన్ని రాళ్లకూ అంటగట్టేశారు. కాల్షియం ఫాస్ఫేట్ సంగతి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మూత్రం ఎంత క్షారంగా ఉంటే అది అంత తేలిగ్గా గడ్డకడుతుంది.

మనం తినే మాంసకృత్తుల నుంచి శరీరంలో రోజూ కిలో బరువుకు దాదాపు 1 మిల్లీ ఈక్వివలెంట్ ఆమ్లం తయారవుతుంది. కిడ్నీ గొట్టాల చివరి భాగంలో ఉండే కణాలు దాన్ని మూత్రంలోకి తోసేయాలి. టైప్ 1లో ఆ కణాలే చేతులెత్తేస్తాయి. దాంతో ఆమ్లం రక్తంలో మిగిలిపోతుంది, మూత్రం మాత్రం క్షారంగానే ఉంటుంది. మిగిలిన ఆమ్లానికి విరుగుడుగా ఎముక కరిగి కాల్షియం, ఫాస్ఫేట్ వదులుతుంది. అవి రెండూ మూత్రంలోకి చేరతాయి. మామూలుగా అయితే మూత్రంలోని సిట్రేట్ కాల్షియాన్ని పట్టుకుని గడ్డకట్టకుండా ఆపుతుంది. రక్తంలో ఆమ్లం పెరిగినప్పుడు కిడ్నీ ఆ సిట్రేట్‌ను కూడా వెనక్కి లాగేసుకుంటుంది. అంటే కాల్షియం పెరిగింది, ఆపాల్సిన సిట్రేట్ పోయింది, పైగా మూత్రం క్షారంగా ఉంది. 24 గంటల మూత్ర పరీక్షలో సిట్రేట్ బాగా తక్కువగా, కాల్షియం ఎక్కువగా కనిపించేది ఇందుకే.

టైప్ 2, అంటే ప్రాక్సిమల్ రకంలో లోపం గొట్టం మొదటి భాగంలో ఉంటుంది. అక్కడ సిట్రేట్‌ను వెనక్కి లాగే పని కూడా దెబ్బతింటుంది కాబట్టి అది మూత్రంలో మిగులుతుంది, రాళ్లు సాధారణంగా రావు. వీళ్లకు ఎముకలు మెత్తబడటం అసలు బాధ.

అపోహ: ఆర్‌టీఏ అంటే పొటాషియం తగ్గడమే.

టైప్ 1, 2 వరకే ఇది నిజం. పెద్దవాళ్లలో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారిలో తరచుగా కనిపించే టైప్ 4లో పొటాషియం పెరుగుతుంది. స్పైరనోలాక్టోన్, కొన్ని బీపీ మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. వారికి పొటాషియం సిట్రేట్ సిరప్ పోయడం ప్రమాదకరం. అందుకే రకం తేలకుండా "ఆర్‌టీఏ మందు" అనేది లేదు.

అపోహ: పొటాషియం తగ్గితే కొబ్బరి నీళ్లు, అరటిపండ్లు సరిపోతాయి.

ఒక బొండంలో ఉండేది సుమారు 10 నుంచి 15 మిల్లీ ఈక్వివలెంట్లు. 2.1కి పడిపోయిన మనిషికి ఉండే లోటు వందల్లో ఉంటుంది. అంతకంటే ముఖ్యం, కారుతున్న చోటు మూయలేదు. గొట్టం సోడియాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు బదులుగా ఆమ్లాన్నో పొటాషియాన్నో బయటికి పంపాలి. ఆమ్లం వెళ్లదు కాబట్టి ఆ భారమంతా పొటాషియం మీద పడుతుంది. ఒంట్లో ఉప్పు, నీరు కొంత పోవడంతో ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ కూడా పెరిగి ఈ నష్టాన్ని ఎక్కువ చేస్తుంది. ఆమ్లం లెక్క సరిచేసేదాకా పొటాషియం నిలవదు.

పొటాషియం ఎటు పోతోందో ఒకే మూత్రం సాంపిల్‌లో తేలుతుంది. మన కేసులో మూత్రంలో పొటాషియం లీటరుకు 40 మిల్లీ ఈక్వివలెంట్లు, క్రియాటినిన్ లీటరుకు 0.8 గ్రాములు. గ్రాముకు 50. రక్తంలో పొటాషియం ఇంత తక్కువగా ఉన్నప్పుడు ఆరోగ్యకరమైన కిడ్నీ దీన్ని 13 లోపే ఉంచుతుంది. కాబట్టి నష్టం కిడ్నీలోనే. ఉన్నట్టుండి కాళ్లు చేతులు చచ్చుబడే మరో జబ్బు పీరియాడిక్ పెరాలిసిస్ అయితే పొటాషియం కణాల్లోకి దాక్కుంటుంది, మూత్రంలో తక్కువే ఉంటుంది, బైకార్బనేట్ మామూలుగా ఉంటుంది. అత్యవసర విభాగంలో ఈ రెంటినీ కలిపేయడం తరచూ జరిగే తప్పు.

అపోహ: క్రియాటినిన్, ఎలక్ట్రోలైట్స్ చేయించాం, కిడ్నీ బాగుందని తేలింది.

క్రియాటినిన్ వడపోత గురించే చెబుతుంది. ఇక చాలా ల్యాబుల్లో "ఎలక్ట్రోలైట్స్" అంటే సోడియం, పొటాషియం, క్లోరైడ్ మాత్రమే. బైకార్బనేట్ కావాలంటే విడిగా రాయాలి, లేదా సిర రక్తంతో బ్లడ్ గ్యాస్ చేయించాలి. రాళ్లున్న మనిషి రిపోర్టులో క్లోరైడ్ 110 దాటి, పొటాషియం తక్కువగా ఉంటే ఆ రోజే బైకార్బనేట్ అడగండి. ఆ క్లోరైడ్ అంకెను ఎవరూ చూడరు, అదే చిక్కు.

తర్వాత ఆనయాన్ గ్యాప్: Na − (Cl + HCO3), అంటే 140 − (116 + 13) = 11. ఇది మామూలే. కొత్త ఆమ్లమేదో చేరడం వల్ల కాదు, బైకార్బనేట్ పోవడం వల్లనో ఆమ్లం బయటికి వెళ్లకపోవడం వల్లనో వచ్చిన ఆసిడోసిస్ అన్నమాట. ఇక్కడికి రెండు దారులు మిగిలాయి: విరేచనాలు, ఆర్‌టీఏ.

అపోహ: మూత్రం పీహెచ్ 6.5 అని రిపోర్టు వచ్చింది, కాబట్టి ఆర్‌టీఏ ఖాయం.

ఇది రోగుల అపోహ కాదు, మన డాక్టర్లది. ముందు సాంపిల్ సంగతి. ఇంటికొచ్చి తీసుకెళ్లిన సాంపిల్ పెట్టెలో, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రెండు మూడు గంటలు గడిపితే అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పీహెచ్ పెరుగుతుంది. ఇన్ఫెక్షన్ ఉంటే కొన్ని బ్యాక్టీరియా యూరియాను విరగ్గొట్టి 8 దాకా కూడా తీసుకెళతాయి. పైగా స్ట్రిప్ రంగు అర అంకె చొప్పున చదివే అంచనా మాత్రమే. ఉదయం మొదటి మూత్రాన్ని ల్యాబులోనే, నిండుగా పట్టి మూతపెట్టి ఇచ్చి, వెంటనే పీహెచ్ మీటరుతో చూడాలి. అదే సాంపిల్‌ను కల్చర్‌కు కూడా పంపాలి.

అంకె సరైనదే అయినా, బైకార్బనేట్ మామూలుగా ఉన్న శాకాహారికి 6.5 వింతేమీ కాదు. రక్తంలో ఆమ్లం ఎక్కువై ఉన్న సమయంలో కూడా మూత్రం 5.3 కిందికి దిగకపోతేనే దానికి అర్థం. టైప్ 2లో బైకార్బనేట్ 15-18 దగ్గరికి పడ్డాక మూత్రం 5.5 కిందికి దిగగలదు. టైప్ 1లో ఎంత పడినా దిగదు.

ఇంకో మెలిక ఉంది. విరేచనాలతో పొటాషియం బాగా తగ్గిన మనిషిలో కిడ్నీ అమ్మోనియా ఎక్కువగా తయారుచేస్తుంది, దానివల్ల కూడా మూత్రం పీహెచ్ 6 దాటవచ్చు. వీరిని విడదీయడానికి మూత్రం ఆనయాన్ గ్యాప్ చూస్తాం: Na + K − Cl. ఆమ్లం అమ్మోనియం రూపంలో బాగా వెళుతుంటే దాని వెంట క్లోరైడ్ వెళుతుంది కాబట్టి జవాబు మైనస్‌లో వస్తుంది. మన కేసులో 60 + 40 − 70 = +30. అమ్మోనియం వెళ్లడం లేదు. మూత్రంలో సోడియం 25 కంటే తక్కువ ఉంటే మాత్రం ఈ లెక్కను నమ్మకూడదు.

అపోహ: ఆసిడోసిస్ కదా, ముందు బైకార్బనేట్ ఎక్కించాలి.

ఈ జబ్బులో ప్రాణం మీదికి తెచ్చే తప్పు ఇదే. బైకార్బనేట్ ఇవ్వగానే పొటాషియం కణాల్లోకి జరుగుతుంది. 2.1 కాస్తా 1.6 అయితే ఊపిరి కండరాలు ఆగవచ్చు, గుండె లయ తప్పవచ్చు. గ్లూకోజ్ సెలైన్‌తోనూ ఇన్సులిన్ పెరిగి ఇదే జరుగుతుంది. అందుకే మామూలు సెలైన్‌లో పొటాషియం క్లోరైడ్ కలిపి, చేతి సిర ద్వారా అయితే లీటరుకు 40 మిల్లీ ఈక్వివలెంట్లు మించకుండా, గంటకు 10 చొప్పున, ఈసీజీ చూస్తూ ఇస్తాం. మన దగ్గర దొరికే 10 మి.లీ. ఆంప్యూల్‌లో సాధారణంగా 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. దాన్ని కలపకుండా నేరుగా ఎక్కించడం ఎప్పటికీ కుదరదు.

పొటాషియం 3 దాటాక క్షారం మొదలవుతుంది. టైప్ 1లో పెద్దవారికి రోజుకు కిలోకు 1 నుంచి 2 మిల్లీ ఈక్వివలెంట్లు చాలు. టైప్ 2లో 10 నుంచి 15 దాకా కావచ్చు, ఎందుకంటే ఇచ్చినది ఇచ్చినట్టే మూత్రంలో పోతుంది. మన కేసుకు పొటాషియం సిట్రేట్ సిరప్, 5 మి.లీ.లో 10 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండేది, 10 మి.లీ. చొప్పున మూడు పూటలా, తిన్నాక, నీళ్లలో కలిపి. మొత్తం 60. సీసా మీద లేబుల్ చూసి లెక్క కట్టండి. వారం రెండు వారాల్లో బైకార్బనేట్ 22-24కి, పొటాషియం 4 దగ్గరికి రావాలి.

సిట్రేట్ మూత్రాన్ని ఇంకా క్షారం చేస్తుంది కదా, రాళ్లు పెరగవా అని కొందరు అడుగుతారు. ప్రశ్న సబబే. ఈ రోగుల్లో పీహెచ్ ఎలాగూ ఎక్కువే. ఆసిడోసిస్ సర్దుకుంటే కాల్షియం పోవడం తగ్గుతుంది, మూత్రంలో సిట్రేట్ పెరుగుతుంది. ఆ లాభమే పెద్దది. మూడు నెలలకు 24 గంటల మూత్రంలో సిట్రేట్, కాల్షియం మళ్లీ చూస్తే నిజంగా జరిగిందో లేదో తెలుస్తుంది.

మధ్యవయసు మహిళల్లో టైప్ 1 బయటపడితే కళ్లు మంట, అన్నం ముద్ద మింగడానికి నీళ్లు కావాల్సిరావడం, పళ్లు పుచ్చిపోవడం గురించి అడగాలి. కన్నీటి, లాలాజల గ్రంథులను శరీరమే దెబ్బతీసే షోగ్రెన్స్ సిండ్రోమ్ తరచూ ఇలా కిడ్నీ నుంచే మొదట పట్టుబడుతుంది. ఏఎన్‌ఏ, యాంటీ ఎస్ఎస్ఏ పరీక్షలు, కళ్ల డాక్టరు దగ్గర కన్నీరు ఎంత వస్తుందో కొలిచే షిర్మర్ పరీక్ష చేయించాలి. తలనొప్పికి టోపిరమేట్ వాడుతున్నారేమో కూడా కనుక్కోవాలి, ఆ మందు కూడా ఇలాంటి రాళ్లే పుట్టిస్తుంది.

అపోహ: అమ్మోనియం క్లోరైడ్ పరీక్ష లేకుండా ఆర్‌టీఏ అని చెప్పలేం.

బైకార్బనేట్ 13 ఉన్న మనిషికి ఇంకా ఆమ్లం తాగించడం అనవసరం, ప్రమాదం కూడా. రాళ్లు ఫాస్ఫేట్‌వి, సిట్రేట్ తక్కువ, మూత్రం క్షారం, కానీ బైకార్బనేట్ మామూలుగానే ఉన్నప్పుడు, అంటే అసంపూర్ణ డిస్టల్ ఆర్‌టీఏ అనుమానం ఉన్నప్పుడే ఈ పరీక్ష. కిలోకు 0.1 గ్రాము అమ్మోనియం క్లోరైడ్ నోటితో ఇచ్చి ఆరు నుంచి ఎనిమిది గంటలు, గంటకోసారి మూత్రం పీహెచ్ మీటరుతో చూస్తాం. చాలామందికి వాంతి అవుతుంది, అప్పుడు పరీక్ష చెల్లదు. అందుకే ముందుగా ఫ్యూరోసెమైడ్ 40 మి.గ్రా., ఫ్లూడ్రోకార్టిసోన్ 1 మి.గ్రా. కలిపి ఇచ్చి, ఆరు గంటలు గంటకోసారి పీహెచ్ చూడటం తేలిక. ఈ రెండూ పొటాషియాన్ని తగ్గిస్తాయి కాబట్టి అది ముందే సరిగ్గా ఉండాలి, సిట్రేట్ మందు కొన్ని రోజుల ముందే ఆపాలి. ఏ ఒక్క గంటలోనైనా 5.3 కిందికి దిగితే డిస్టల్ ఆర్‌టీఏ లేనట్టే. దిగకపోతే మాత్రం అప్పుడు అమ్మోనియం క్లోరైడ్‌తో ఖాయం చేసుకుంటాం.