వంపు దగ్గర విచ్చుకునే పొరలు

వెదురు బద్దను రెండు చివర్లా పట్టుకుని లాగి తెంపడం మనిషి తరం కాదు. అదే బద్ద చివర కత్తి ఆనించి ఒక్క దెబ్బ వేస్తే నిలువునా చీలిపోతుంది. విమానాల రెక్కల్లో వాడే కార్బన్ కాంపోజిట్ పలకదీ ఇదే స్వభావం.

ఈ పలకలో ఒక్కో పొర మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. అందులో సుమారు 7 మైక్రాన్ల మందమున్న కార్బన్ పోగులు వేలకు వేలు ఒకే దిశలో పరుచుకుని ఉంటాయి. వాటి మధ్య ఖాళీని ఎపాక్సీ రెసిన్ అనే జిగురు నింపుతుంది. మామూలు రకం పొరను పోగుల వెంబడి లాగితే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 150 కిలోల బరువు ఆపుతుంది. పోగులకు అడ్డంగా లాగితే 5 కిలోలకే చీలుతుంది. అడ్డంగా లాగినప్పుడు బలం ఒక పోగు నుంచి రెసిన్‌లోకి, రెసిన్ నుంచి పక్క పోగులోకి దాటుతూ పోవాలి. గట్టి పోగులు సాగవు కాబట్టి సాగాల్సిందంతా వాటి మధ్య ఇరుక్కున్న సన్నని రెసినే సాగాలి. అందుకే ఒట్టి రెసిన్ దిమ్మ తట్టుకునేంత కూడా ఈ పొర అడ్డంగా తట్టుకోలేదు.

దీనికి విరుగుడుగా పొరలను 0, 45, 90 డిగ్రీల్లో మార్చి మార్చి పేరుస్తారు. అప్పుడు పలక తలంలో ఎటు లాగినా ఏదో ఒక పొర పోగులు అందుకుంటాయి. కానీ ఎన్ని కోణాలు మార్చినా, పలక మందం దిశలో నిలబడే పోగు ఒక్కటీ ఉండదు. పొరకూ పొరకూ మధ్య ఉన్నది రెసిన్ మాత్రమే.

చదునైన పలకలో ఈ లోపం అంతగా బయటపడదు, మందం దిశలో లాగే బలం పెద్దగా ఉండదు గనుక. అసలు చిక్కు వంపు దగ్గర వస్తుంది.

ఎల్ ఆకారపు బ్రాకెట్ ఒకటి తీసుకుందాం. 32 పొరలు, అంటే 4 మి.మీ. మందం, 25 మి.మీ. వెడల్పు. పోగులన్నీ వంపు చుట్టూ తిరిగి వెళ్తున్నాయనుకుందాం. వంపు లోపలి వ్యాసార్ధం 6, సగటు వ్యాసార్ధం 8 మి.మీ. వంపుకు 40 మి.మీ. దూరంలో, మూల తెరుచుకునేటట్టు 50 కిలోల బరువుతో, అంటే సుమారు 500 న్యూటన్లతో లాగుదాం. వంపు మీద పడే వంచే భ్రామకం, అంటే బలాన్ని దూరంతో గుణించినది, 500 × 40 = 20,000 న్యూటన్-మి.మీ. దానివల్ల బయటి, లోపలి అంచుల పోగుల మీద పడే ఒత్తిడి 300 మెగాపాస్కల్, అంటే చదరపు మిల్లీమీటరుకు దాదాపు 30 కిలోలు. వాటి శక్తి 1200కు పైమాటే, కాబట్టి పోగులకు ఇది నాలుగో వంతు భారమే.

ఇప్పుడు పొరల మధ్య చూద్దాం. లోపలి పొరలు బిగుసుకుని, మూల చుట్టూ లాగిన తాడులాగా తిన్నగా అవ్వాలని చూస్తాయి. బయటి పొరలు నొక్కుడు పడి బయటికి ఉబ్బాలని చూస్తాయి. రెండూ కలిసి నడిమి పొరలను విడదీస్తాయి. ఆ విడదీసే ఒత్తిడికి ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం

σ = 3M / (2Rtb)

M వంచే భ్రామకం, R సగటు వ్యాసార్ధం, t మందం, b వెడల్పు. మన అంకెలు వేస్తే 37.5 మెగాపాస్కల్. రెసిన్ ఇక్కడ విడిపోయేది 40–50 దగ్గర. పోగులు మూడు వంతుల శక్తి వాడకుండా మిగిలి ఉండగానే బ్రాకెట్ చావు అంచుకు చేరింది. సగటు వ్యాసార్ధం 16 చేస్తే ఈ ఒత్తిడి సగానికి పడిపోతుంది. మరింత ఖరీదైన కార్బన్ కొనడం కంటే వంపును పెద్దది చేయడం ఎంతో మేలు. బరువు మూలను మూసే వైపు పడేలా అమర్చగలిగితే ఇంకా మంచిది, అప్పుడు పొరలు విడివడే బదులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి.

తయారీలో జరిగే పొరపాట్లూ సరిగ్గా ఇక్కడే దెబ్బతీస్తాయి. లోతట్టు అచ్చులో పేర్చేటప్పుడు పొర మూలలోకి పూర్తిగా దిగకుండా వంతెనలా నిలబడితే, కింద ఖాళీ మిగిలి రెసిన్, గాలి బుడగలు చేరతాయి. బుడగలు నూటికి ఒక వంతు పెరిగితే పొరల మధ్య పట్టు సుమారు 7 శాతం తగ్గుతుంది. అందుకే నాలుగైదు పొరలకోసారి వాక్యూమ్ బ్యాగ్ కట్టి, అందులోని గాలి లాగేసి, పది పదిహేను నిమిషాలు నొక్కి ఉంచాలి. ప్రతి పొర వెనక ఉండే రక్షణ ఫిల్మ్ ఊడదీశారో లేదో లెక్కపెట్టాలి. ఒక్క ముక్క లోపల మిగిలినా అక్కడ పట్టు సున్నా.

విడిపోయిన వంపు పైకి నున్నగా, చెక్కుచెదరకుండా కనిపించవచ్చు. అంచును నునుపుగా రుద్ది భూతద్దంతో చూస్తే మందం నడిమధ్యలో వంపుతో పాటు తిరిగే సన్నని గీత దొరుకుతుంది. నాణెంతో తట్టినప్పుడు బాగున్న చోట ఖంగుమంటుంది, విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. వంపు దగ్గర ఆకారాన్ని బట్టి కూడా శబ్దం మారుతుంది కాబట్టి ఈ పరీక్ష అనుమానాన్ని మాత్రమే పుట్టించగలదు. ఖాయం చేసుకోవడానికి అల్ట్రాసౌండ్ కావాలి, అదీ వంపుకు సరిపడే ఆకారంలో చేసిన ప్రోబ్‌తో.