అడకత్తెర నోరు తెరిచి చూపండి

పర్లాకిమిడి

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నాయనమ్మ ఇత్తడి అడకత్తెరను ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడదామంటే బుజ్జిది అడిగింది కదా, “లోపాలన్నీ రాసేస్తే ఎవరు కొంటారు తాతయ్యా?” అని.

చిన్నప్పుడు మా నాన్న వెంట పశువుల సంతకు వెళ్ళేవాణ్ణి. నా ధ్యాసంతా జీళ్ళ మీదే అనుకోండి. అయినా ఒకటి చూశాను. నికార్సయిన ఆసామి అడగకముందే ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూపేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. మీ అడకత్తెరను కొనేవాళ్ళు ఏ కటక్‌లోనో ఉంటారు, చేత్తో పట్టి చూడలేరు. దాని నోరు మీరే తెరవాలి.

పళ్ళంటే ఇక్కడ ఇనుప అంచు. దాని మీద నొక్కులున్నాయా, తుప్పుందా చూసి రాయండి. నడకంటే కీలు. రెండు పిడులూ పట్టుకుని పక్కకి కదపండి. ఆడితే మేకు లూజయిందన్నమాట. ఒళ్ళంటే ఇత్తడి. అయస్కాంతం పెట్టి చూడండి. అంచుకు అంటుకుని పిడికి అంటుకోకపోతే సరే. పిడికీ అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అప్పుడు ఇత్తడి అని రాయకూడదు.

పొడవు మూసిపెట్టి, ఈ కొన నుంచి ఆ కొనకి కొలవండి. తెరిచి కొలిస్తే లెక్క మారిపోతుంది. బరువు కిరాణా కొట్లో తూయించండి. ఇలా రాస్తే చాలు:

“ఇత్తడి అడకత్తెర, ఇనుప అంచు. మూస్తే పొడవు 18 సెం.మీ., బరువు 240 గ్రాములు. అంచు మీద రెండు చిన్న నొక్కులు. కీలు కొంచెం లూజు. పిడి చివర చిలక ముక్కు విరిగింది. కీలు దగ్గర చిలుము ఉంది. తోమలేదు.”

ప్రతి లోపానికీ దగ్గరగా ఒక ఫోటో. పక్కన స్కేలు పెట్టండి. పేరులో గువాకాతి, సరోతా అని కూడా చేర్చండి. మన చుట్టుపక్కల ఒడియావాళ్ళు, హిందీవాళ్ళు ఆ మాటలతోనే వెతుకుతారు.

చింతపండుతో తోమి మెరిపిద్దామని మీ అమ్మ అంటుంది. వద్దనండి. పాత సామాను కొనేవాళ్ళు ఆ నల్లబడ్డ రంగునే ఇష్టపడతారు, ఒకసారి పోతే మళ్ళీ రావడానికి ఏళ్ళు పడుతుంది.

“రెండు వందల ఏళ్ళనాటిది” అని మాత్రం రాయకండి. మనకేం తెలుసు? పైగా నూరేళ్ళు దాటిన కళాఖండాలు 1972 చట్టం ప్రకారం పురావస్తువుల కిందికొస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, విదేశాలకు మనలాంటివాళ్ళు పంపకూడదు. “మా నాయనమ్మ వాడింది” అనండి, అది నిజం.

రాసేముందు ఒక ఎండు వక్క పెట్టి నొక్కి చూడండి. చక్కగా తెగిందా, పొడి పొడిగా నలిగిందా? ఏదైతే అది రాయండి.

మీ తాతయ్య