గ్రావిటీ అసిస్ట్: అపోహలు - వాస్తవాలు

వ్యోమనౌకల దారులు లెక్కకట్టే పనిలో ఉన్నవాళ్లని జనం ఎక్కువగా అడిగేది గ్రావిటీ అసిస్ట్ గురించే. నౌక ఏదో గ్రహం పక్కగా వెళ్తుంది, ఇంజిన్ వెలిగించకుండానే వేగం పెరిగిపోతుంది. వినడానికి మాయలా ఉంటుంది కాబట్టి దాని చుట్టూ అపోహలూ ఎక్కువే. అన్నిటికీ ఒకే ఉదాహరణ వాడతాను: నాసా వారి జూనో వ్యోమనౌక. 2011 ఆగస్టు 5న బయలుదేరి, 2013 అక్టోబర్ 9న మళ్లీ మన భూమి పక్కగానే దూసుకెళ్లి, ఆ ఊపుతో గురుగ్రహం దారి పట్టింది.

అపోహ: గ్రహం నౌకని తనవైపు లాగుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది.

లాగే మాట నిజమే. కానీ దగ్గరికి వచ్చేటప్పుడు ఎంత లాగుతుందో, దాటి వెళ్లేటప్పుడు వెనక్కి కూడా అంతే లాగుతుంది. జూనో దూరం నుంచి భూమి వైపు వచ్చినప్పుడు, భూమి మీద నిలబడి చూసేవాళ్లకి దాని వేగం సెకనుకు సుమారు 10 కిలోమీటర్లు. నేలకి 559 కిలోమీటర్ల ఎత్తులో, దక్షిణాఫ్రికా తీరం దగ్గర, అది సుమారు 15కి చేరింది. మళ్లీ దూరం వెళ్లేసరికి 10కే దిగింది. భూమి లెక్కలో రాక ఎంతో పోక అంతే. లాభం సున్నా.

మరి మారిందేమిటి? దిశ. భూమి ఆకర్షణ జూనో దారిని సుమారు 40 డిగ్రీలు వంచింది. అసలు కిటుకంతా ఈ వంపులోనే ఉంది, ఎందుకంటే భూమి ఒకచోట నిలబడి లేదు. సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో పోతోంది.

నడుస్తున్న రైల్లో మీరు ఒక కిటికీ నుంచి ఎదుటి కిటికీకి అడ్డంగా నడుస్తున్నారనుకోండి. అదే నడక వేగంతో ఇంజిన్ వైపు తిరిగారు. బోగీలో కూర్చున్నవాళ్లకి మీ వేగం మారలేదు. ప్లాట్‌ఫాం మీద ఉన్నవాడికి మాత్రం మీరు మునుపటికంటే వేగంగా పోతున్నట్టే, ఎందుకంటే ఇప్పుడు మీ నడక మొత్తం రైలు వేగానికి కలుస్తోంది. ఇక్కడ రైలు భూమి, ప్లాట్‌ఫాం సూర్యుడు.

అంకెలు గుండ్రంగా వేసుకుని చూద్దాం. వచ్చేటప్పుడు జూనో 10 కిలోమీటర్ల వేగం భూమి ప్రయాణించే దిశకు 70 డిగ్రీల పక్కకి ఉంది. అంటే భూమి దిశలో కలిసొచ్చేది 3.4 మాత్రమే, మిగతాదంతా అడ్డంగా, 9.4. భూమి వేగం 30 కలిపితే ముందుకు 33.4, పక్కకి 9.4. రెండూ కలిపిన అసలు వేగం సూర్యుడి లెక్కలో 35కి కాస్త తక్కువ. 40 డిగ్రీలు వంగాక కోణం 30కి తగ్గింది. ఇప్పుడు భూమి దిశలో 8.7, పక్కకి 5. ముందుకు 38.7 అయింది కాబట్టి అసలు వేగం 39. భూమి లెక్కలో 10 అలాగే ఉంది, సూర్యుడి లెక్కలో సెకనుకు దాదాపు 4 కిలోమీటర్లు పెరిగింది. ఈ 4 కిలోమీటర్ల తేడాయే అంగారకుడిని కాస్త దాటి వెనక్కి వచ్చే దారిని గురుగ్రహం దాకా వెళ్లే దారిగా మార్చింది.

జూనో గురించి చదివినప్పుడు ఒకచోట సెకనుకు 3.9 కిలోమీటర్లు అనీ, ఇంకోచోట 7.3 అనీ కనిపిస్తుంది. రెండూ సరైనవే. 3.9 అనేది పెరిగిన వేగం. 7.3లో దిశ మార్పు కూడా కలిసి ఉంది. అదే మార్పు ఇంజిన్‌తో తేవాలంటే అంత ఇంధనం కాల్చాలి అని దాని అర్థం. మా లెక్కల్లో మేం ఎక్కువగా వాడేది రెండోదే.

అపోహ: భూమి నుంచి బయలుదేరి మళ్లీ భూమి దగ్గరికే రావడం చుట్టుదారి, రెండేళ్లు దండగ.

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. దీని జవాబు చాలామంది ఊహించేదానికంటే లోతైనది.

రాకెట్ జూనోని భూమి పట్టు దాటించి వదిలినప్పుడు, భూమి లెక్కలో దానికి మిగిలిన వేగం సెకనుకు 5 కిలోమీటర్ల పైచిలుకు. ఏమీ చేయకుండా వదిలేస్తే అది సూర్యుడి చుట్టూ తిరిగి వచ్చినప్పుడు కూడా అదే 5 కిలోమీటర్లతో భూమిని కలుస్తుంది. ఇంతకుముందు చూశాం కదా, ఫ్లైబైలో, అంటే గ్రహం పక్కగా దాటిపోవడంలో, గ్రహం లెక్కలోని వేగం మారదు, దిశ మాత్రమే మారుతుంది. 5ని ఎటు తిప్పినా గురుగ్రహానికి చాలదు.

అందుకే 2012 ఆగస్టు చివర్లోనూ సెప్టెంబర్‌లోనూ, జూనో అంగారకుడి కక్ష్య దాటి సూర్యుడికి దూరంగా నెమ్మదిగా కదులుతున్న చోట, రెండు విడతలుగా ఇంజిన్ వెలిగించారు. రెండూ కలిపి వేగంలో మార్పు సెకనుకు ముప్పావు కిలోమీటరు కూడా లేదు. పైగా ఆ మార్పు వేగం పెంచడానికి కాదు, తగ్గించడానికి! వేగం తగ్గడంతో జూనో దారి సూర్యుడి వైపు ఇంకాస్త లోపలికి, భూమి కక్ష్య లోపలికి జారింది. తిరిగి వచ్చేటప్పుడు అది భూమి దారిని రాసుకుంటూ కాకుండా ఏటవాలుగా కోసుకుంటూ వచ్చింది. దాంతో భూమి లెక్కలో దాని వేగం 5 పైచిలుకు నుంచి 10కి పెరిగింది. తిప్పడానికి చేతిలో ఉన్న వేగం దాదాపు రెట్టింపైంది.

కిలోమీటరు లోపు ఖర్చుతో 4 కిలోమీటర్లు. రెండేళ్లు దండగ కాదు, ఆ రెండేళ్లే బేరం. నేరుగా వెళ్లాలంటే ఇంకా పెద్ద రాకెట్ కావాలి, లేదంటే మోసుకెళ్లే పరికరాలు తగ్గించుకోవాలి.

అపోహ: శక్తి ఉచితంగా వచ్చింది.

రాలేదు. భూమి ఇచ్చింది. జూనో ఎంత ముందుకు నెట్టుకుపోయిందో భూమిని అంతే వెనక్కి నెట్టింది. కాకపోతే జూనో బరువు మూడు టన్నులు, భూమిది 6 పక్కన 21 సున్నాలు పెట్టినన్ని టన్నులు. ఆ క్షణాన భూమి కోల్పోయిన వేగాన్ని లెక్కేస్తే, కోటి ఏళ్లు గడిచినా దాని వల్ల వచ్చే తేడా కొన్ని మిల్లీమీటర్లకు మించదు.

అపోహ: ఎంత పెద్ద గ్రహమైతే, ఎంత దగ్గరగా వెళితే అంత వేగం.

సగం నిజం. గ్రహం బరువుగా ఉంటే, దారి దగ్గరగా ఉంటే వంపు పెరుగుతుంది. అంతవరకు సరే. అదే 10 కిలోమీటర్ల వేగంతో అంగారకుడికి 300 కిలోమీటర్ల ఎత్తులో వెళ్తే వంపు 12 డిగ్రీలే వస్తుంది. గురుగ్రహం దగ్గరైతే దాని వ్యాసార్ధానికి పది రెట్ల దూరంలో ఉన్నా 80 డిగ్రీల దాకా వంగుతుంది. దగ్గరితనానికి వాతావరణం హద్దు పెడుతుంది. మరీ కిందికి దిగితే గాలి రాపిడి మొదలవుతుంది.

అయితే వేగంగా వచ్చే నౌకని వంచడం కష్టం. గ్రహం దగ్గర అది గడిపే సమయం తక్కువ కదా. కాబట్టి లాభం పెరగాలంటే నౌక వేగం ఎక్కువ ఉండాలి, దారి బాగా వంగాలంటే తక్కువ ఉండాలి. ఈ రెంటి మధ్య సర్దుబాటే మా పనిలో పెద్ద భాగం.

ఏ వైపు నుంచి వెళ్తామన్నది వీటన్నిటికంటే ముఖ్యం. గ్రహం పోయే దిశకి వెనకగా దాటితే వేగం పెరుగుతుంది, ముందుగా దాటితే తగ్గుతుంది. తగ్గడం నష్టం అనుకోకండి. సూర్యుడి దగ్గరికి వెళ్లాలంటే కావలసింది అదే. పార్కర్ సోలార్ ప్రోబ్ 2018 నుంచి 2024 దాకా శుక్రుడి పక్కగా ఏడుసార్లు వెళ్లింది వేగం వదిలించుకోవడానికే.

అపోహ: మంగళయాన్‌ని కూడా భూమి ఇలాగే గిరగిరా తిప్పి విసిరింది.

మన దగ్గర బాగా పాతుకుపోయిన మాట ఇది. జూనో భూమిని దాటిన నెల లోపే, 2013 నవంబర్ 5న, శ్రీహరికోట నుంచి మంగళయాన్ లేచింది. రెంటినీ కలిపేసుకోవడం సహజమే. కానీ మంగళయాన్ భూమి చుట్టూ వేసిన చుట్లలో గ్రావిటీ అసిస్ట్ లేదు. భూమి చుట్టూ తిరిగేది భూమి లెక్కలో తనంతట తాను వేగం సంపాదించలేదు. రైలు దిగనివాడికి రైలు వేగంతో ఒరిగేదేముంది? ఆ చుట్లలో పలుమార్లు, భూమికి దగ్గరగా వచ్చినప్పుడు ఇంజిన్ వెలిగించి కక్ష్యని పొడుగు చేస్తూ పోయారు. చివరికి నవంబర్ 30 అర్ధరాత్రి దాటాక, డిసెంబర్ 1న, 22 నిమిషాల పాటు ఇంజిన్ మండించి భూమి పట్టు దాటించారు. ప్రతి కాస్త వేగం వెనకా కాలిన ఇంధనం ఉంది. దగ్గరగా ఉన్నప్పుడే వెలిగిస్తే అదే ఇంధనానికి ఎక్కువ ఫలితం వస్తుంది, అంతే. చంద్రయాన్-3 చుట్లు కూడా ఈ కోవలోవే.

అపోహ: ఆ కొద్ది నిమిషాల్లో నౌకని క్షణక్షణం నడపాలి.

టెన్షన్ ఆ నిమిషాల్లో ఉంటుంది, పని మాత్రం అంతకు ముందే అయిపోతుంది. ఫ్లైబైకి వారాల ముందు నుంచి చిన్నచిన్న దిద్దుబాట్లతో గురి సరిచేస్తారు. ఎంత కచ్చితంగా అంటే, జూనో లాంటి దారిలో ఎత్తు ఒక్క కిలోమీటరు తప్పితే, బయటికి వెళ్లే వేగంలో సెకనుకు సుమారు 0.7 మీటర్ల తేడా వస్తుంది. చిన్నదే కదా అని వదిలేస్తే ఏడాదికి 20 వేల కిలోమీటర్ల పైగా పక్కకి పోతుంది. దాటిన వెంటనే దిద్దితే ఖర్చు తక్కువ, ఆలస్యం చేస్తే పెరుగుతుంది. తేడా వచ్చిందో లేదో తెలిసేది రేడియో వల్ల: నౌక నుంచి వచ్చే సంకేతం ఫ్రీక్వెన్సీ ఎంత మారిందో చూసి దాని వేగాన్ని సెకనుకు మిల్లీమీటర్ల దాకా కొలుస్తారు.

ఆ రోజు జూనో భూమి నీడలోకి వెళ్లినప్పుడు సేఫ్ మోడ్‌లోకి జారుకుంది. అత్యవసరం కాని పనులన్నీ ఆపేసి కూర్చుంది. అయినా దారి మీద దాని ప్రభావం లేదు. నౌక నిద్రపోయినా గురుత్వాకర్షణ పని ఆగదు కాబట్టి అనుకున్న వేగం అందింది.

అపోహ: గురుగ్రహం దగ్గరికి చేరితే చాలు, అదే పట్టేసుకుంటుంది.

మొదటి అపోహకి చెప్పిన జవాబే దీనికీ. దూరం నుంచి వచ్చినది ఎంత వేగంతో వచ్చిందో అంత వేగంతోనే బయటికి పోతుంది, ఎంత బలమైన గ్రహమైనా సరే. 2016 జూలై 4న జూనో అక్కడికి చేరినప్పుడు 35 నిమిషాల పాటు ఇంజిన్ మండించి వేగం తగ్గించాకే కక్ష్యలో నిలిచింది. ఇంజిన్ వెలగకపోయి ఉంటే ఆ రాత్రి జరిగేది ఇంకో ఫ్లైబై.