హమాలీ చొక్కా మీద ఉప్పు చారలు

మిర్చి సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు మధ్యాహ్నం పూట వెళితే, బస్తాలు మోసే హమాలీల చొక్కాల వీపుల మీద తెల్లటి చారలు కనిపిస్తాయి. చెమట ఆరిపోగా మిగిలిన ఉప్పు అది. ఎండలో పనికి అలవాటు లేని మనిషి చెమటలో రోజుకు 15 నుంచి 30 గ్రాముల దాకా ఉప్పు పోవచ్చు. అదే మనిషి నాలుగైదు వారాలు ఆ ఎండలోనే పనిచేస్తే ఆ నష్టం 3 నుంచి 5 గ్రాములకు దిగుతుంది. చెమట తగ్గదు, నిజానికి ఇంకా ఎక్కువ పడుతుంది. చెమటలోని ఉప్పే తగ్గుతుంది. చెమట గ్రంథులకు ఆ పొదుపు నేర్పేది ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్.

ఇది తయారయ్యే చోటు అడ్రినల్ గ్రంథి. కిడ్నీల నెత్తిన టోపీల్లా కూర్చుని ఉండే ఈ రెండు గ్రంథులు ఒక్కోటి నాలుగైదు గ్రాములకు మించవు. వాటి బయటి భాగాన్ని కార్టెక్స్ అంటారు. అందులోనూ అన్నిటికంటే పైనున్న పలుచని పొర ఆల్డోస్టెరాన్‌ను చేస్తుంది. రోజుకు చేసేది గ్రాములో పదివేల వంతు దరిదాపుల్లోనే ఉంటుంది. కానీ చెమటను మించిన అసలు పని దానికి కిడ్నీలో ఉంది.

మన కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో కరిగి ఉన్న సోడియంను ఉప్పుగా లెక్క కడితే దాదాపు కిలోన్నర. దాదాపు అంతా మళ్లీ రక్తంలోకి చేరిపోతుంది. చాలా భాగం కిడ్నీ గొట్టాల మొదటి మలుపుల్లోనే, పెద్దగా ఎవరి ఆజ్ఞా లేకుండా వెనక్కి వస్తుంది. చివర్లో మిగిలే రెండు, మూడు శాతం విషయంలోనే ఆల్డోస్టెరాన్ మాట చెల్లుతుంది. రెండు శాతమంటే చిన్నదేం కాదు, రోజుకు 30 గ్రాముల ఉప్పు. మనం తినేదానికి రెండు మూడింతలు.

ఆ చివరి గొట్టంలోని కణాల్లోకి ఆల్డోస్టెరాన్ దూరి, సోడియంను లోపలికి తీసుకునే చిన్న ద్వారాలను ఎక్కువగా కట్టిస్తుంది. ఇది జన్యువులను కదిలించి ప్రోటీన్లు తయారు చేయించే పని కాబట్టి గంటో రెండు గంటలో పడుతుంది. సోడియం తనతో ధన విద్యుదావేశాన్ని తీసుకుని కణంలోకి వెళ్లిపోతే, గొట్టంలో మిగిలిన ద్రవం రుణావేశం వైపు ఒరుగుతుంది. ఆ లోటు కణంలోని పొటాషియంను బయటికి, అంటే మూత్రంలోకి లాగుతుంది. సోడియం దక్కితే పొటాషియం పోతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పబోయే కేసు సగం అర్థమైనట్టే.

మరి ఎప్పుడు దాచుకోవాలో అడ్రినల్‌కు ఎవరు చెప్పాలి? కిడ్నీయే చెబుతుంది. హమాలీ ఒంట్లో ఉప్పూ నీళ్లూ తగ్గి కిడ్నీకి వెళ్లే రక్తంలో ఒత్తిడి పడిపోగానే, అక్కడి సన్నటి రక్తనాళం గోడలోని కణాలు రెనిన్‌ను వదులుతాయి. దీన్ని 1898లో స్వీడన్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీలో గుర్తించారు. రెనిన్ స్వయంగా బీపీ పెంచదు, అది ఒక కత్తెర. కాలేయం చేసి రక్తంలోకి వదిలే ఒక పెద్ద ప్రోటీన్ నుంచి చిన్న ముక్కను కత్తిరిస్తుంది. ఆ ముక్క ముఖ్యంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఇంకో కొస తెగి, యాంజియోటెన్సిన్-2 అవుతుంది. ఇది రక్తనాళాలను అప్పటికప్పుడు బిగించి బీపీని నిలబెడుతుంది, అడ్రినల్‌ను తట్టి ఆల్డోస్టెరాన్‌ను విడుదల చేయిస్తుంది. ఉప్పు నిలిచి, దానితో నీరు నిలిచి, ఒత్తిడి కుదుటపడగానే కిడ్నీ రెనిన్‌ను ఆపేస్తుంది. మనలో చాలామంది ఇళ్లలో ఉండే టెల్మిసార్టాన్ బిళ్ల అడ్డుకునేది ఈ యాంజియోటెన్సిన్-2 పనినే.

అడ్రినల్‌కు రెండో పిలుపు కూడా ఉంది. రక్తంలో పొటాషియం కాస్త పెరిగినా రెనిన్‌తో పని లేకుండా అది నేరుగా పసిగట్టి ఆల్డోస్టెరాన్ వదులుతుంది. ఎండాకాలం రెండు కొబ్బరిబోండాలు వరసగా తాగినా గుండె లయ తప్పకుండా ఉండటంలో ఈ ఏర్పాటుకూ వాటా ఉంది.

ఇక్కడ జెరోమ్ కాన్ అనే అమెరికన్ డాక్టర్ గురించి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన పరిశోధన సరిగ్గా మన హమాలీ సమస్య మీదే. వేడి ప్రాంతాలకు వెళ్లే సైనికుల చెమటలో ఉప్పు కొన్ని రోజులకు ఎందుకు తగ్గిపోతుంది? అడ్రినల్ నుంచి ఏదో హార్మోన్ దీన్ని చేయిస్తోందని ఆయన అనుమానించారు. 1953లో లండన్‌లో సిల్వియా సింప్సన్, జేమ్స్ టెయిట్‌ల కృషితో ఆ హార్మోన్ విడిగా చేతికొచ్చింది. మరుసటి ఏడాది కాన్ దగ్గరికి 34 ఏళ్ల ఒకావిడ వచ్చింది. ఏళ్ల తరబడి కాళ్లు పడిపోయినంత నీరసం, కండరాలు పట్టేయడం, హైబీపీ, బాగా తగ్గిన పొటాషియం. ఇంకొకరైతే చెమట పరీక్ష జోలికి వెళ్లేవారు కాదు. కాన్ వెళ్లారు. ఆమె చెమటలో ఉప్పు చాలా తక్కువ. ఎండ లేదు, ఉప్పు కరువూ లేదు, అయినా ఒళ్లు ఎడారిలో ఉన్నట్టు ఉప్పు దాస్తోంది. ఆ డిసెంబర్‌లో ఆపరేషన్ చేస్తే ఒక అడ్రినల్‌లో గడ్డ దొరికింది. అది తీసేశాక ఆమె కోలుకుంది. జబ్బుకు ఆయన పేరే పడింది.

ఇలాంటివాళ్లు మన దగ్గర లేరా? హైబీపీ ఉన్నవాళ్లలో వందకు ఐదు నుంచి పది మందిలో కారణం ఇదేనని, మూడు మందులకూ లొంగని బీపీలో ఇంకా ఎక్కువని ఇప్పుడు లెక్క. ఒక కేసు చెబుతాను. ఇది ఒక్క మనిషిది కాదు, ఈ జబ్బులో సాధారణంగా కనిపించేవి కలిపి అల్లినది.

కాజీపేటలో ఉండే 42 ఏళ్ల ఎలక్ట్రీషియన్. ఐదేళ్లుగా బీపీ. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, వాటికి తోడు నీళ్ల బిళ్ల, అంటే మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు. మూడూ మింగుతున్నా 168/104. డాక్టర్‌తో ఆయన చెప్పుకున్న బాధ మాత్రం బీపీ గురించి కాదు. "రాత్రి నాలుగుసార్లు లేస్తున్న సార్. నిచ్చెన ఎక్కితే పిక్కలు గుంజుతున్నయ్. షుగర్ గిట్ల వచ్చిందా?"

షుగర్ లేదు. పొటాషియం 2.8 ఉంది, ఉండాల్సింది 3.5 నుంచి 5. పొటాషియం తగ్గితే కండరాలు నీరసిస్తాయి. కిడ్నీ కూడా మూత్రాన్ని చిక్కగా చేయలేదు, అందుకే రాత్రిళ్లు లేవడం. ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే నీళ్ల బిళ్ల కూడా పొటాషియంను తగ్గిస్తుంది. తప్పు దాని మీదకు తోసేయడం తేలిక. ఈ డాక్టర్ ఆ బిళ్ల ఆపి, పొటాషియం సిరప్ ఇచ్చి, మూడు వారాలాగి మళ్లీ చూశారు. 3.1. ఒక రోజంతా పట్టిన మూత్రంలో మాత్రం పొటాషియం ధారాళంగా పోతోంది. ఒంట్లో కరువున్నప్పుడు కిడ్నీ దాచుకోవాలి కదా, ఇది పారబోస్తోంది.

పొటాషియం తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ కూడా తగ్గి, ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. అందుకే సిరప్ మోతాదు పెంచి, పొటాషియంను మామూలు స్థాయికి తెచ్చాకే అసలు పరీక్షకు పంపారు. ఆల్డోస్టెరాన్ డెసిలీటరుకు 18 నానోగ్రాములు, రెనిన్ చురుకుదనం 0.3. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 60. ఈ కొలతల్లో 30 దాటితే అనుమానించాలి.

నాకు ఈ కేసులో అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఆ 0.3. ఆయన టెల్మిసార్టాన్ వాడుతూనే ఉన్నాడు. ఆ మందు వాడేవాళ్లలో కిడ్నీ తన మాట చెల్లడం లేదనుకుని రెనిన్‌ను ఇంకా ఎక్కువ వదలాలి. అయినా అది అడుగంటింది. అంటే ఒంట్లో ఉప్పు నిండిపోయిందని కిడ్నీ ఎప్పుడో గ్రహించి రెనిన్‌ను ఆపేసింది. అడ్రినల్ మాత్రం ఎవరూ అడగకుండానే ఆల్డోస్టెరాన్ చేసుకుంటూ పోతోంది. అదే బీటా బ్లాకర్ వాడుతున్నవారైతే ఈ అంకెను ఇంత నమ్మలేం, ఆ మందే రెనిన్‌ను తగ్గిస్తుంది. ఇంకో చిక్కు అతిమధురం. అది రోజూ ఎక్కువగా వాడేవాళ్లలోనూ బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది, కానీ ఆల్డోస్టెరాన్ కూడా తక్కువే ఉంటుంది. కాబట్టి దగ్గు కోసం ఏం నములుతున్నారో అడగడం కూడా పరీక్షలో భాగమే.

తర్వాత నిర్ధారణ. బీపీని వేరే మందులతో కాస్త అదుపులోకి తెచ్చి, నాలుగు గంటల్లో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించారు. ఇంత ఉప్పునీళ్లు ఎక్కితే మామూలు అడ్రినల్ నోరు మూసుకుంటుంది, ఆల్డోస్టెరాన్ 5 లోపుకు పడిపోతుంది. ఆయనది 14.

సీటీ స్కాన్‌లో ఎడమ అడ్రినల్‌లో సెంటీమీటరున్నర గడ్డ కనిపించింది. అయినా వెంటనే కోయలేదు. ఈ వయసులో ఏ పనీ చేయని గడ్డలు అడ్రినల్‌లో ఉండటం మామూలే. గడ్డ ఎడమవైపు ఉండి, తప్పు రెండు వైపులా జరుగుతూ ఉండొచ్చు. అందుకే హైదరాబాద్ పంపి, తొడ దగ్గరి సిర గుండా సన్నటి గొట్టం పోనిచ్చి, రెండు అడ్రినల్ సిరల నుంచీ విడివిడిగా రక్తం తీయించారు. కుడివైపు సిర చాలా పొట్టిగా ఉండి నేరుగా పెద్ద సిరలో కలుస్తుంది, దాన్ని అందుకోవడం చేయి తిరిగినవాళ్లకే కష్టం. ఫలితంలో ఎడమవైపు ఆల్డోస్టెరాన్ కుడివైపు కంటే ఎన్నో రెట్లు ఉంది. రెండు వైపులా సమానంగా ఉండి ఉంటే ఆపరేషన్ మాట ఎత్తేవారు కాదు. ఆల్డోస్టెరాన్‌ను కణాల దగ్గరే అడ్డుకునే స్పైరనోలాక్టోన్ బిళ్లతో నెట్టుకొచ్చేవారు. మగవాళ్లలో దానికి రొమ్ములు పెరిగే ఇబ్బంది ఉంది, అది ముందే చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత బీపీ 130కి దిగింది, కానీ అమ్లోడిపిన్ పూర్తిగా మానలేదు. ఐదేళ్లు ఒత్తిడికి గట్టిపడిన రక్తనాళాలు వెంటనే మెత్తబడవు. చాలామందికి ఒకటో రెండో బిళ్లలు మిగిలిపోతాయి.

పొటాషియం మాత్రం ఎదురు తిరిగింది. పది రోజులకు 5.4. కారణం కుడివైపు గ్రంథి. ఇన్నేళ్లూ రెనిన్ నుంచి కబురు రాక నిద్రపోయింది, ఒక్కసారిగా లేవమంటే లేవలేదు. అందుకే పొటాషియం సిరప్‌ను ఆపరేషన్ రోజునుంచే ఆపేయిస్తారు. ఈసారి కొబ్బరినీళ్లు, అరటిపండ్లు వద్దని, కొన్ని వారాలు ఉప్పు మాత్రం ధారాళంగా తినమని చెప్పారు. గొట్టం చివరికి సోడియం ఎక్కువ చేరితే పొటాషియం కాస్తయినా బయటపడుతుంది. ఐదేళ్లుగా ఆయన కంచంలోకి తొక్కు రానివ్వని భార్య ఆ చీటీని రెండుసార్లు చదివించుకుని, డాక్టర్‌నే అడిగింది. "బీపీ పేషెంటుకు ఉప్పు ఎక్కువ తినమంటున్నరా సార్?" అవునన్నాక మామిడికాయ తొక్కు జాడీ కిందికి దింపింది. ఆరో వారానికి పొటాషియం 4.6కి వచ్చింది.