పన్నుతో కలిపిన బిల్లులో అసలు ధర తీయడం: అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లి వైపు మనవాళ్ల దుకాణాలకు జీఎస్టీ లెక్కలు చూస్తుంటాను. పుస్తకాల్లో నాకు తరచూ కనిపించే తేడా ఒకటే: పన్నుతో కలిపి తీసుకున్న డబ్బులోంచి పన్నును తప్పుగా విడదీయడం.

అపోహ: 18 శాతం పన్ను కలిసి ఉంటే, మొత్తంలోంచి 18 శాతం తీసేస్తే చాలు.

పన్ను వేసింది అసలు ధర మీద, మొత్తం మీద కాదు. ఒక మిక్సీ ఎమ్మార్పీ 2,360 రూపాయలు అనుకుందాం. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద మళ్లీ జీఎస్టీ వేయకూడదు. 10 శాతం తగ్గించి 2,124కి ఇచ్చారు. ఇందులో 18 శాతం తీసేస్తే పన్ను 382.32, అసలు ధర 1,741.68 అని వస్తుంది. ఇప్పుడు 1,741.68కి 18 శాతం కలిపి చూడండి. 2,055.18 దగ్గరే ఆగిపోతుంది. తప్పు అక్కడే తెలిసిపోతుంది.

సరైన దారి: 2,124ను 118తో భాగించి 100తో గుణించాలి. అసలు ధర 1,800, పన్ను 324. సీజీఎస్టీ నిబంధనల్లో 35వ రూల్ చెప్పేదీ ఇదే. ముందు లెక్కతో పోతే దుకాణదారు తన లాభంలోంచి 58 రూపాయలు అదనంగా పన్ను కింద కడతాడు. ఒక్క మిక్సీకే ఇంత పోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

అదే కొటేషన్‌లో ‘1,800, జీఎస్టీ అదనం’ అని రాసి ఉంటే భాగహారమే అక్కర్లేదు. దాని మీద 18 శాతం కలిపితే సరి. అందుకే కాలిక్యులేటర్ తీసే ముందు ధర పక్కన ఏం రాసుందో చదవండి. ఏమీ రాయకపోతే ఫోన్ చేసి అడగండి.

అపోహ: సీజీఎస్టీ 9, ఎస్‌జీఎస్టీ 9 కాబట్టి దేనికది 109తో భాగించి తీయాలి.

అలా తీస్తే ఒక్కోటి 175.38 వస్తుంది, రెండూ కలిపి 350.76. ఇదీ తప్పే. రెండు పన్నులూ ఒకే అసలు ధర మీద పడతాయి. కాబట్టి ముందు 118తో భాగించి మొత్తం పన్ను 324 తీయండి, తర్వాత సగం చేయండి. చెరో 162.

అపోహ: బిల్లులో రెండు రేట్లుంటే సగటు రేటుతో వెనక్కి వెళ్లొచ్చు.

మిక్సీతో పాటు 5 శాతం పన్నున్న స్టీలు గిన్నెలు 525కి కొన్నారనుకోండి. మొత్తం 2,649. సగటు 11.5 శాతంతో తీస్తే 2,375.78 వస్తుంది. నిజానికి గిన్నెల అసలు ధర 500, మిక్సీది 1,800, కలిపి 2,300. వస్తువులవారీగా ధరలు లేకుండా మొత్తం ఒక్కటే ఉన్న చీటీ నుంచి ఇది రాబట్టలేం. వివరాలున్న బిల్లు తెప్పించుకోవాల్సిందే. చివర్లో ‘రౌండ్ ఆఫ్’ అని పైసలు సర్దిన వరుస ఉంటే, దాన్ని పక్కన పెట్టి భాగహారం చేయండి.